శాంపిల్ అడిగితే చిన్నతనమా?

"ఇన్నేళ్లబట్టి అల్లుతున్నావు, ఇంకా నీకు శాంపిల్ కావాలా అమ్మా?" నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో లేసు పని పంచే ఏజెంట్ల నోట ఇలాంటి ఎత్తిపొడుపు కొత్తేమీ కాదు. వినే మనిషి నవ్వేసి ఊరుకుంటుంది. దారం ఉండలు లెక్కపెట్టుకుని, చెప్పినంత మటుకు గుర్తుపెట్టుకుని, అరుగు మీద కూర్చుని మొదలుపెట్టేస్తుంది. అనుమానం మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఆ ఎత్తిపొడుపు వెనక మనందరం కాస్తో కూస్తో నమ్మే అభిప్రాయం ఒకటుంది. పని తెలిసినవాళ్లకి నోటిమాట చాలు, నమూనా చూపించమన్నారంటే పని రాదన్నమాటే అని. పనిచేయించుకునేవాళ్లు దాన్ని గొప్పగా చెబుతారు, పనిచేసేవాళ్లు దానికి భయపడి నోరు మూసుకుంటారు. పనిమంతురాలు శాంపిల్ అడగడం చేతకానితనం కాదనీ, అడిగినందుకు వెక్కిరించేవాడికే తనకేం కావాలో సరిగ్గా తెలియదనీ నా వాదన. నోటిమాటలో దాగిన అనుమానానికి ఎవరు ఎంత కట్టాల్సి వస్తుందో లేసులో అంగుళాల్లో కొలిచి చూపించవచ్చు. అందుకే దాన్ని తీసుకుంటున్నాను.

ఈ పని సంగతి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో డెల్టాకి వచ్చిన ఈ క్రోషే అల్లిక ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో స్థిరపడింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆర్డరు విదేశీ కొనుగోలుదారు దగ్గర పుడుతుంది. అక్కణ్ణించి ఎగుమతిదారుకి, ఆయన నుంచి ఏజెంటుకి, ఏజెంటు నుంచి ఇళ్లలో అల్లే ఆడవాళ్లకి చేరుతుంది. ఇళ్లలో కూడా పని మళ్లీ చీలుతుంది. పువ్వులు అల్లడం చేతిపని. ఆ పువ్వుల్ని కలిపి గుడ్డగా చేయడం అతుకుపని, అది వేరే మనిషిది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఈ ప్రాంతంలో తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు చేస్తున్న ఈ స్త్రీలని పనివాళ్లుగా కాక, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడమే వాళ్ల కూలి అంత తక్కువగా ఉండడానికి మూలమని ఆమె అందులో చూపించింది. నేనిక్కడ ఎత్తుకున్న విషయానికీ అది తగులుతుంది. తీరిక పనికి మళ్లీ అనుమానాలేమిటి, ప్రశ్నలేమిటి అన్నట్టుంటుంది మాట్లాడేవాడి తీరు.

ఇప్పుడు ఒక ఆర్డరు ఊహించుకుందాం. అరవై అంగుళాల చదరపు టేబుల్ క్లాత్. నాలుగంగుళాల చదరం పువ్వు, క్రీము రంగు, సన్న దారం, చుట్టూ అంచు. వినడానికి ఇంతకంటే తేటగా ఏముంటుంది? లెక్క కూడా సరిపోయింది. అడ్డంగా పదిహేను, నిలువుగా పదిహేను, మొత్తం 225 పువ్వులు. ఒక్క మనిషి చేస్తే నెలలు పడుతుంది కాబట్టి పదిమంది పంచుకుంటారు.

ఈ ఒక్క వాక్యంలో ఎన్ని అనుమానాలున్నాయో చూడండి. సన్న దారం అంటే ఏ నంబరు? నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. నలభై నంబరు దారంతో అల్లాల్సిన పువ్వుని ఇరవై నంబరుతో అల్లితే కుట్లు అన్నే పడతాయి, పువ్వు మాత్రం పెద్దదీ బరువైనదీ అవుతుంది. నాలుగంగుళాలు అన్నది అల్లిన వెంటనేనా, ఉతికి ఆరేశాకనా? సాగదీసి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాకనా? అరవై అంగుళాల్లో అంచు కలిసిందా, అంచు అదనమా? పువ్వు కొసలకి చిన్న ముడులున్నాయా, ఉత్త గొలుసు కుట్టేనా? క్రీము అంటే వెన్న రంగా, పాత కాగితం రంగా?

అన్నిటికంటే పెద్దది చేతి బిగువు. ఇది ఎవరూ ఎవరికీ మాటల్లో చెప్పలేరు. ఒకే దారం, ఒకే సూది, ఒకే లెక్క కుట్లు ఇచ్చినా ఇద్దరి పువ్వులు ఒక కొలతకి రావు. బిగువు చెయ్యి పడ్డ పువ్వు అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గిందనుకోండి, వదులు చెయ్యి పడ్డది అంతే పెరిగిందనుకోండి. ఒక్కో పువ్వు చూస్తే తేడా కంటికి ఆనదు. పదిహేను పువ్వుల వరస కట్టేసరికి బిగువు చేతి వరస యాభై ఎనిమిది అంగుళాలకి కాస్త పైన ఆగిపోతుంది. వదులు చేతి వరస అరవై రెండుకి కాస్త దిగువన తేలుతుంది. ఒకే గుడ్డలో రెండు వరసల మధ్య నాలుగంగుళాల దాకా ఎడం! అతుకుపని మనిషి దాన్ని దారంతో లాగి సర్దుతుంది. ఇంకేం చేయగలదు? లాగినచోట గుడ్డ మధ్యలో దొప్పలా లేస్తుంది, వదిలినచోట అలలు తేలుతుంది. సరిచూసేవాడు బల్ల మీద పరచగానే పట్టేస్తాడు. సరుకు వెనక్కి వస్తుంది, లేదా ధర తెగ్గోస్తారు. ఆ కోత పైనుంచి ఒక్కో మెట్టూ దిగి చివరికి అరుగు మీద కూర్చున్న మనిషి ఒళ్లో పడుతుంది. ముక్కకింత కూలి తీసుకునే మనిషికి విప్పి మళ్లీ అల్లిన గంటలకి పైసా రాదు.

ఇదంతా ఆపడానికి కావలసింది ఒకే ఒక్క పువ్వు. కొనేవాడు ఒప్పుకున్న, కొలత ఖరారైన పువ్వు. అది అల్లే మనిషి చేతిలో ఉంటే దారం నంబరు అడగనక్కర్లేదు, పక్కన తన దారం పెట్టి చూసుకుంటుంది. కుట్లు లెక్కపెట్టుకుంటుంది. ముడులున్నాయో లేవో కన్నే చెబుతుంది. బిగువు సంగతి అయితే, తన మొదటి పువ్వుని దాని మీద పెట్టి నాలుగు మూలలూ కలిశాయో లేదో చూసుకుంటే సరి. పెద్దదైతే సన్న సూదికి మారుతుంది, చిన్నదైతే లావు సూది పడుతుంది. ఇలా సరిచూసుకోవడానికి ఆమె ఏ భాషా, ఏ లెక్కా కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

ఇక్కడే మాటమనుషులు ఒక అడ్డు చెబుతారు. "అనుమానం ఉంటే అడగొచ్చుగా, చెబుతాం" అని. అడగొచ్చు. కాని తనకున్నదని తెలిసిన అనుమానమే ఎవరైనా అడగగలిగేది. ఉతికాక కొలత మారుతుందనీ, కొనేవాడు ఉతికాకే కొలుస్తాడనీ తెలియని మనిషి ఆ ప్రశ్న ఎలా వేస్తుంది? ఏజెంటు కూడా ఏం చెబుతాడు? ఆయనకి ఎగుమతిదారు చెప్పిందే తెలుసు. నాలుగు నోళ్లు మారి వచ్చిన మాటకి ఆఖరి మనిషి దగ్గర జవాబు దొరకదు. ఊహ మాత్రం దొరుకుతుంది, అది కూడా మంచి ధైర్యంగా. శాంపిల్ అయితే ఆ నోళ్లన్నీ దాటుకుని చెక్కుచెదరకుండా వస్తుంది.

ఇంతకీ శాంపిల్ అడగడం చేతకానితనం అనేవాళ్లు ఇంట్లో ఏం చేస్తున్నారో చూశారా? జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్లే ఏ ఆడమనిషైనా కొత్త గుడ్డతోపాటు ఆది జాకెట్టు తీసుకెళుతుంది. తీసుకెళ్లకపోతే దర్జీయే అడుగుతాడు. ఊళ్లో ఎంత పేరున్న దర్జీ అయితే అంత గట్టిగా అడుగుతాడు. "కొలతలు తీసుకోండి" అంటే తీసుకుంటాడు, తీసుకుని "ఆది కూడా ఇవ్వండమ్మా" అంటాడు. మెడ లోతు ఎంత కావాలో టేపు చెప్పగలదు. చంక దగ్గర ఎంత పట్టినట్టుంటే ఈ మనిషికి హాయిగా ఉంటుందో టేపు చెప్పలేదు. ఆది అడిగాడని ఆ దర్జీకి పని రాదని ఎవరైనా అన్నారా? మండపేట వైపు మిల్లు వ్యాపారి ధాన్యం బేరానికి కూర్చుంటే మచ్చు తెమ్మంటాడు. గుప్పెడు గింజలు అరచేతిలో నలిపి చూడకుండా ధర చెప్పేవాణ్ణి తెలివైనవాడనం, దివాలా తీస్తాడంటాం. దర్జీకీ వ్యాపారికీ తెలివి అయిన పని అరుగు మీద కూర్చున్న మనిషికి మాత్రం చేతకానితనం ఎలా అయిందో ఈ పెద్దమనుషులే చెప్పాలి. మీస్ చెప్పిన కారణమే నాకు కనిపిస్తోంది.

ఇక అవతలివైపు ఉన్న గట్టి వాదం. ఇది వెక్కిరింపు కాదు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పే మాట, కాబట్టి నెమ్మదిగా చూడాలి. శాంపిల్ మోసం చేస్తుంది అంటారు వాళ్లు. నిజమే, చేస్తుంది. ఆది జాకెట్టే తీసుకోండి. రెండేళ్లు ఉతికిన నూలు జాకెట్టు కొంత కుంచించుకుపోయి ఉంటుంది, భుజం దగ్గర కొంత సాగి ఉంటుంది, వేసుకునే మనిషి ఒళ్లు కూడా మారి ఉంటుంది. దర్జీ దాన్ని అచ్చుగుద్దినట్టు కుడితే పాత తప్పులన్నీ కొత్త గుడ్డలోకి వచ్చి కూర్చుంటాయి. లేసులోనూ అంతే. శాంపిల్ పువ్వులో ఒక రేకు దగ్గర కుట్టు తప్పి ఉంటే, అది డిజైనేమో అనుకుని 225 పువ్వుల్లోనూ ఆ తప్పుని శ్రద్ధగా అల్లిపెడతారు. మధ్య పువ్వు ఒక్కటే ఇస్తే మూల దగ్గర అంచు ఎలా తిరగాలో తెలియదు. తెలియనిచోట పదిమంది పది రకాలుగా తిప్పుతారు.

ఈ వాదం చెప్పేదల్లా శాంపిల్ ఎలా అడగాలో జాగ్రత్త పడమని. అడగొద్దని ఇందులో ఎక్కడుంది? అడిగేటప్పుడు సులువైన ముక్క కాకుండా ఇబ్బంది పెట్టే ముక్కని అడగాలి. మన టేబుల్ క్లాత్ విషయంలో ఒంటి పువ్వు కాకుండా, మూలకి వచ్చే నాలుగు పువ్వులు అతికి, రెండువైపులా అంచు తిప్పిన ముక్క కావాలి. పువ్వు కొలత, అతుకు తీరు, మూల మలుపు, అంచు లెక్కలోకి వస్తుందో రాదో, అన్నీ ఆ ముక్కలో తేలిపోతాయి. అది చేతికొచ్చాక రెండు మాటలు అడగాలి. ఇది ఉతికినదా, ఉతకనిదా? ఇందులో అచ్చం ఇలాగే ఉండాల్సినవి ఏవి, మారినా పర్వాలేనివి ఏవి? "కొలతా, మూలా ఇలాగే ఉండాలి. రంగు మటుకు ఇది కాదు, ఈ దారం చూడు" అని శాంపిల్ ఇచ్చినాయన చెబితే పని ముగిసింది. ముందు గంటసేపు చెప్పినా ఎక్కని సంగతి, ముక్క చేతిలో పట్టుకుని చెబితే రెండు వాక్యాల్లో ఎక్కుతుంది. మాట వద్దని నేననడం లేదు. మాట దేని గురించో ముందు చేతిలోకి రావాలి.

ఈ సంగతి మన చట్టం 1930లోనే గుర్తించింది. సరుకుల అమ్మకం చట్టం 17వ సెక్షను ప్రకారం శాంపిల్ చూపి అమ్మినప్పుడు మొత్తం సరుకు నాణ్యతలో శాంపిల్‌తో సరిపోవాలి. పోల్చి చూసుకోవడానికి కొనేవాడికి తగిన అవకాశం ఉండాలి. మామూలుగా పరీక్షిస్తే శాంపిల్‌లో బయటపడనిదీ, సరుకుని అమ్మకానికి పనికిరాకుండా చేసేదీ అయిన లోపం ఉండకూడదు. 15వ సెక్షను ఇంకో మెట్టు ఎక్కింది. శాంపిల్‌తోపాటు వర్ణన కూడా చెప్పి అమ్మితే, సరుకు శాంపిల్‌కి సరిపోయినంత మాత్రాన చాలదు, వర్ణనకీ సరిపోవాలి. శాంపిల్ చెప్పలేనిది మాట చెప్పాలి, మాట చెప్పలేనిది శాంపిల్ చెప్పాలి, రెండూ కలిసే ఒప్పందం అని దాని భావం. ఎగుమతి వ్యాపారంలో కొనేవాడు ఒప్పుకున్న శాంపిల్‌కి సీలు వేసి ఒకటి తను ఉంచుకుని, దాని జతని అమ్మేవాడికి ఇవ్వడం ప్రపంచమంతా ఉన్న అలవాటే. పైమెట్టు మీద కోట్ల వ్యాపారం చేసేవాళ్లు శాంపిల్ లేకుండా కదలరు. కింద మెట్టుకి వచ్చేసరికే అది అనవసరం అయిపోతుంది!

"ఇప్పుడు ఫోన్లో ఫొటో పంపిస్తున్నాంగా" అని ఇంకో సమాధానం వస్తుంది. ఫొటో ఉంటే ఏమీ లేనిదానికన్నా మేలు, అంతవరకూ ఒప్పుకుంటాను. పువ్వు ఆకారం తెలుస్తుంది. కాని ఫొటోలో నాలుగంగుళాల పువ్వూ ఆరంగుళాల పువ్వూ ఒక్కలాగే ఉంటాయి. క్రీము రంగు ట్యూబ్‌లైటు కింద తీస్తే తెలుపైపోతుంది, సాయంత్రం ఎండలో తీస్తే పసుపైపోతుంది. దారం మందం, చేతి బిగువు అసలు తెలియవు. వెనకవైపు ఎలా ఉందో తెలియదు. మంచి అతుకుపనిని పట్టించేది వెనకవైపే. ఫొటో ఒక్కటే దారి అయినప్పుడు కనీసం పక్కన స్కేలు పెట్టి, ముందూ వెనకా తీసి, వాడిన దారం కొస ఒక మూర తెంపి దారం ఉండలతోపాటు పంపితే అనుమానం సగానికి సగం తగ్గుతుంది.

డిజైను బయటికి పోతుందని దాచుకునేవాళ్లూ ఉన్నారు. ఎగుమతిదారు కొత్త పువ్వు ఒకటి తయారుచేయించి ఊరి మీదికి వదిలితే, వారం తిరక్కుండా పక్కవీధి పోటీదారు చేతిలో ఉంటుందన్న భయం వాళ్లది. ఆ భయం అబద్ధం కాదు. కాని శాంపిల్ దాచినంత మాత్రాన డిజైను దాగదు. 225 పువ్వులు అల్లాక ఆ డిజైను పదిమంది వేళ్లలో ఉన్నట్టే. దాచడం వల్ల ఒరిగేది ఒక్కటే, మొదటి ఇరవై పువ్వులు తప్పుగా రావడం. అంత పట్టింపు ఉంటే మూల ముక్క అతుకుపని మనిషికీ, ఒంటి పువ్వు చేతిపని వాళ్లకీ ఇవ్వొచ్చు. ఎవరి పనికి సరిపడా శాంపిల్ వాళ్ల దగ్గర ఉంటుంది.

మరి ఇవ్వడానికి శాంపిలే లేనప్పుడు? కొత్త డిజైనుకి ఇది నిజంగా వచ్చే ఇబ్బంది. కొనేవాడి దగ్గర ఉత్త ఊహ ఉంటుంది. అప్పుడు శాంపిల్ ఇటునుంచి అటు వెళ్లాలి. అల్లే మనిషి అదే మూల ముక్కని చేసి "ఇదేనాండీ?" అని పంపాలి. తన మనసులో ఉన్నదేమిటో మాటల్లో చెప్పలేని కొనుగోలుదారు, ఆ ముక్క చూడగానే "ఇది కాదు, ఇక్కడ రేకు ఇంత వెడల్పు వద్దు" అని వేలు పెట్టి చూపిస్తాడు. అప్పటిదాకా ఆయనకే తెలియని సంగతి అది. ముక్క నచ్చకపోతే పోయింది నాలుగు పువ్వుల దారం. నచ్చితే దాని జతని చేసి ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. రెండోది ఆయన దగ్గర లేకపోయినా ఫర్వాలేదు గాని, ఇంట్లోది మాత్రం పోకూడదు. నెల తరవాత "నేను చెప్పింది ఇది కాదు" అన్నప్పుడు అది తప్ప ఇంకో సాక్షి ఉండదు.

ఖర్చు సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే ఈ అభిప్రాయం వెనక అసలు పట్టు అక్కడుంది. శాంపిల్ చేయడానికి గంటలు పడతాయి, దారం పడుతుంది, ఆ కూలి ఎవరిస్తారన్నది ఎవరూ పైకి అనరు. దాని బదులు "నీకు పని రాదా?" అంటారు. ఒక ప్రశ్నతో ఖర్చు తప్పిపోతుంది, పైగా అడిగిన మనిషే సిగ్గుపడుతుంది. మన టేబుల్ క్లాత్ ఆర్డరులో నాలుగు పువ్వుల మూల ముక్కా, పది ఇళ్లకీ పది ఒంటి పువ్వులూ కలిపినా 225లో ఆరు శాతం చిల్లరే. ఆ కాస్త పని కూలి ఆర్డరు ధరలో ముందే కలిపి, పది ఇళ్లకీ పది మూల ముక్కలు కాకపోయినా పది పువ్వులూ, అతుకుపని ఇంటికి ఒక మూల ముక్కా పంపే ఎగుమతిదారుకి, వెనక్కి వచ్చే ఒక్క గుడ్డ తప్పినా అది గిట్టుబాటే. కలపననేవాడు కనీసం తిరస్కరించిన సరుకు నష్టంలో తన వాటా కాగితం మీద రాసివ్వాలి. అల్లే మనిషికి తను చూడని వస్తువుతో సరిపోలేదని కూలి కోసే హక్కు ఎవరికీ లేదు.